సబ్జెక్ట్ దగ్గరే ఆగిపోయిన మెయిల్

ప్రశ్న: మాసబ్‌ట్యాంక్‌లో ఆర్కిటెక్చర్ చదివి, రెండేళ్లుగా ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తున్నాను. పాతబస్తీలో మేం మరమ్మతు చేస్తున్న ఒక పాత ఇంట్లో సున్నపు గోడల మీద ఎప్పుడో పూసిన సిమెంట్ ఊడిపోతోంది. ఇలాంటి కట్టడాల మీద ముప్పయ్యేళ్లుగా పనిచేస్తున్న ఒక పెద్దావిడ దీని గురించి తెలుగులో రాసిన వ్యాసం చదివాను. కింద ఆవిడ ఈమెయిల్ ఉంది. నాకు పరిచయం లేదు, పరిచయం చేసేవాళ్లూ లేరు. సబ్జెక్ట్‌లో ‘రిక్వెస్ట్ ఫర్ గైడెన్స్ – రెగ్’ అని పెట్టి, ‘రెస్పెక్టెడ్ మేడమ్, మై సెల్ఫ్...’ అని మొదలుపెట్టి మూడు రోజులుగా అక్కడే ఆగిపోయాను. ఏం రాస్తే ఆవిడ తెరిచి చదువుతారు? – ఒక పాఠకుడు, మెహిదీపట్నం

సమాధానం: ముందు ఆ మెయిల్‌ను మీ కంప్యూటర్లో చూడడం మానేసి, ఆవిడ ఫోన్‌లో ఎలా కనబడుతుందో ఊహించండి. ఇన్‌బాక్స్‌లో మీకు దక్కేది వేలెడంత జాగా. పైన పంపినవారి పేరు, దాని కింద సబ్జెక్ట్‌లో మొదటి కొన్ని మాటలు, ఆ కింద మెయిల్ లోపలి మొదటి వాక్యం తాలూకు ముక్క. తెరవాలా, తర్వాత చూద్దామా, అసలు వద్దా అన్నది ఆ మూడు వరసలు చూసే తేలిపోతుంది. మీరు సబ్జెక్ట్ వేరు, మొదటి వాక్యం వేరు అనుకుని రెండిటినీ విడివిడిగా దిద్దుకుంటున్నారు. చదివేవారికి మాత్రం అవి ఒకదాని కింద ఒకటి, ఒకే చూపులో కనబడతాయి. సబ్జెక్ట్ చెప్పింది మొదటి వాక్యం మళ్లీ చెప్పకూడదు, దాన్ని ముందుకు తీసుకెళ్లాలి.

మీ ఇప్పటి మెయిల్‌ను ఆ మూడు వరసల్లో పెట్టి చూడండి. పేరు కింద ‘రిక్వెస్ట్ ఫర్ గైడెన్స్ – రెగ్’. దాని కింద ‘రెస్పెక్టెడ్ మేడమ్, మై సెల్ఫ్ ఫలానా, బి.ఆర్క్...’. ఇందులో సున్నం లేదు, గోడ లేదు, పాతబస్తీ లేదు. ఉద్యోగం అడిగేవారూ, ప్రాజెక్ట్ రిపోర్ట్‌కు సంతకం అడిగేవారూ, కాలేజీ ఫంక్షన్‌కు ముఖ్య అతిథిగా పిలిచేవారూ ఇవే మాటలు రాస్తారు. పేరున్న మనిషికి అలాంటివి తరచూ వస్తుంటాయి. వాటి మధ్య మీది వేరని చెప్పే గుర్తు ఒక్కటీ బయటికి కనబడడం లేదు. ఆవిడ తెరవకపోతే అది అహంకారం కాదు. లోపల ఏముందో ఆవిడకు తెలిసే దారే లేదు.

ఆ ‘రెగ్’ ఎక్కడిదో మీకు తెలిసే ఉంటుంది. ప్రభుత్వ ఉత్తరాల్లో ‘విషయం’ అన్న చోట ‘ఫలానా దాని గురించి’ అని ముగించే అలవాటు నుంచి వచ్చింది. ఫైలు నడిచే ఆఫీసులో అది పనికొస్తుంది, ఎందుకంటే ఆ ఫైలును ఎవరో ఒకరు తెరవక తప్పదు. మీ మెయిల్‌ను తెరిచి తీరాల్సిన అవసరం ఎవరికీ లేదు. అందుకని సబ్జెక్ట్ ఫైలు పేరులా కాకుండా, లోపలున్న అసలు మాటే కావాలి.

అసలు మాట అంటే ఏది? ఇక్కడే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. సబ్జెక్ట్ కుదరడం లేదంటే చాలాసార్లు అడగాల్సింది ఇంకా తేలలేదని అర్థం. ‘గైడెన్స్ కావాలి’ అన్నది ప్రశ్న కాదు. దానికి జవాబు రాయాలంటే ముందు మీకేం కావాలో ఆవిడే కనిపెట్టాలి. ‘గోడ ఎందుకు పాడవుతోంది’ అని అడగలేరు, వ్యాసంలో ఆవిడే చెప్పేశారు కదా. ‘ఇప్పుడు మేమేం చేయాలి’ అంటే అది సైట్ చూడకుండా చెప్పగలిగేది కాదు, పైగా అది ఆవిడ ఫీజు తీసుకుని చేసే పని. వ్యాసం చదివాక కూడా మీకు మిగిలిన సందేహం ఏదో, అది వెతకండి. మీ పనిని బట్టి మాకు తోచిందొకటి ఉంది. సిమెంట్ చెక్కేశాక, కొత్త సున్నపు పూత వేసే ముందు, గోడ తగినంత ఆరిందని దేన్ని చూసి తేల్చుకోవాలి? ఇది అనుభవం ఉన్నవారు గోడను చూడకుండానే నాలుగు వాక్యాల్లో చెప్పగలిగేది. పుస్తకాల్లో సులువుగా దొరకదు. ఆవిడకు చెప్పాలనిపించే ప్రశ్న కూడా. మీ సందేహం వేరైతే అదే పెట్టుకోండి, కానీ దాని సైజు ఇంతే ఉండాలి.

ఇప్పుడు సబ్జెక్ట్ రాద్దాం. మామూలుగా మొదటి ప్రయత్నం ఇలా వస్తుంది:

పాత కట్టడాల మరమ్మతు గురించి మీ అమూల్యమైన సలహా కోరుతూ

మర్యాదగానే ఉంది. కానీ ఫోన్‌లో ‘పాత కట్టడాల మరమ్మతు గురించి మీ అమూ...’ దగ్గర తెగిపోతుంది. నిలువుగా పట్టుకున్న ఫోన్‌లో సబ్జెక్ట్‌కు ఇంగ్లిష్‌లో అయితే సుమారు ముప్పై నుంచి నలభై అక్షరాలు కనబడతాయి. తెలుగు అక్షరం వెడల్పెక్కువ కాబట్టి నాలుగైదు మాటలు కనబడితే గొప్ప. వయసులో పెద్దవారు ఫోన్‌లో అక్షరాలను పెద్దవిగా పెట్టుకుంటారు, అప్పుడు ఇంకా తగ్గుతుంది. కాబట్టి మొదటి నాలుగు మాటల్లోనే సరుకుండాలి. పైదాంట్లో ఆ నాలుగు మాటలూ ఆవిడ వృత్తి పేరుకే సరిపోయాయి. డాక్టరుకు ‘ఆరోగ్యం గురించి’ అని రాసినట్టుంది.

రెండో ప్రయత్నం:

పాతబస్తీలోని ఒక పాత ఇంట్లో సిమెంట్ తీసేశాక సున్నపు గోడ ఆరడం గురించి

విషయం వచ్చింది, కానీ వెనకవైపు ఉండిపోయింది. తెలుగులో వాక్యం సహజంగా ఇలాగే సాగుతుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నీ ముందు, అసలు సంగతి చివర. మాట్లాడేటప్పుడు ఇబ్బంది లేదు, ఎదుటివాళ్లు చివరిదాకా వింటారు. సబ్జెక్ట్‌లో మాత్రం చివరున్నది కనబడదు. వాక్యాన్ని విరిచి ముఖ్యమైన ముక్కను ముందుకు తేవాలి:

సున్నపు గోడ ఆరిందని ఎలా తెలుస్తుంది? – పాతబస్తీ ఇల్లు, ఒక ప్రశ్న

ఇది మేం పంపమనేది. ‘తెలుస్తుంది’ దగ్గర తెగిపోయినా సంగతి అందింది. మిగతాది కనబడితే ఇంకో రెండు విషయాలు తెలుస్తాయి. ఇది నిజంగా ఒక చోట జరుగుతున్న పని అనీ, అడిగేది ఒక్కటేననీ. ‘ఒక ప్రశ్న’ అని రాశాక లోపల ఒకటే ఉండాలి. ‘ఒకటే’ అని తలుపు కొట్టి ఆరు అడిగితే, మోసపోయామన్న చిరాకుతో ఆ ఒక్కదానికీ జవాబు రాయరు.

వ్యాసం తెలుగులో ఉంది కాబట్టి మీరూ తెలుగులోనే రాయండి. ఇప్పటి మెయిల్ సర్వీసుల్లో తెలుగు సబ్జెక్ట్ చక్కగానే కనబడుతుంది. ఇంగ్లిష్‌లో రాయాల్సి వచ్చినా ఇదే వరస పాటించండి, ముందు వస్తువు, తర్వాత చోటు, ఆపైన అడిగేది ఎంతో.

సబ్జెక్ట్‌లో పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. ‘అర్జెంట్’ వద్దు, మీ తొందర ఆవిడకు తొందర కాదు. ఇంగ్లిష్‌లో రాస్తే అన్నీ పెద్దక్షరాలు వద్దు. కొందరు మొదటి మెయిల్‌కే ముందు `Re:` అని చేర్చి, ఇదివరకే మాటలు నడిచినట్టు కనిపించేలా చేస్తారు. తెరవగానే కింద పాత మెయిల్ లేదని తెలిసిపోతుంది, ఆ క్షణంలోనే మీ మీద నమ్మకం పోతుంది. ఇక పెద్దవాళ్ల పేరు వాడుకోవడం. మీ ప్రొఫెసర్ గారికి ఆవిడ తెలిసి, ‘నా పేరు చెప్పి రాయి’ అని ఆయన నోటితో అంటే, ఆ పేరు సబ్జెక్ట్‌లో మొదటే పెట్టండి, అంతకన్నా బలమైన మాట లేదు. ఆయన అనకపోతే ఎక్కడా పెట్టకండి. ఆవిడ ఆయనకు ఒక్క ఫోన్ చేస్తే విషయం బయటపడుతుంది.

ఇక మొదటి వాక్యం. ఇన్‌బాక్స్‌లో మూడో వరసగా కనబడేది ఇదే కాబట్టి, పలకరింపు ఎంత పొడవుంటే అసలు వాక్యానికి అంత చోటు తగ్గుతుంది. ‘గౌరవనీయులైన శ్రీమతి ఫలానా గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా’ అంటే ఆ వరస మొత్తం అయిపోయినట్టే. ‘ఫలానా గారికి నమస్కారం’ చాలు. అక్కడ ఆవిడ పేరే ఉండాలి. ఉత్త ‘మేడమ్’ అంటే తప్పేం లేదు గాని, పేరుంటే ఇది నలుగురికి పంపిన మెయిల్ కాదని తెలుస్తుంది. ‘సర్/మేడమ్’ అని మధ్యలో గీత పెట్టి మాత్రం ఎన్నడూ రాయకండి. రాసేవాడికి ఎవరికి రాస్తున్నాడో తెలియదని అది చెప్పకనే చెబుతుంది. ఒకవేళ పేరు చూసి ఆడో మగో తేలకపోతే తెలుగులో మనకొక సుఖం ఉంది. పూర్తి పేరు రాసి ‘గారు’ చేర్చితే ఎవరికైనా సరిపోతుంది. ‘డాక్టర్’, ‘ప్రొఫెసర్’ లాంటివి ఆవిడ తన పేరుకు ముందు తాను పెట్టుకుంటేనే పెట్టండి. పేరు అక్షరాలు కూడా వ్యాసం కింద ఎలా ఉంటే అలాగే రాయండి.

పలకరింపు తర్వాత చాలామంది తమ గురించి మొదలుపెడతారు. పేరు, డిగ్రీ, పాసైన సంవత్సరం, కాలేజీ. ఇది ఇంటర్వ్యూ అలవాటు. అక్కడ ‘మీ గురించి చెప్పండి’ అని వాళ్లే అడుగుతారు, ఇక్కడ ఎవరూ అడగలేదు. మీ పేరు ఎలాగూ పై వరసలో ఉంది, కింద సంతకంలో మళ్లీ వస్తుంది. ఇంకొందరు పొగడ్తతో మొదలుపెడతారు. ‘ఈ రంగంలో మీలాంటి మహనీయులు అరుదు’ అన్న వాక్యాన్ని ఎవరికైనా పంపొచ్చు, అందుకే దానికి విలువ లేదు. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆవిడ పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టినా వాక్యం చెల్లుతుందంటే అది మొదటి వాక్యంగా పనికిరాదు. ‘మీ విలువైన సమయం వృథా చేస్తున్నందుకు క్షమించండి’ అన్నదీ అంతే. వినయంగా కనబడుతుంది గాని, చదవకముందే ఇది సమయం వృథా అని మీరే చెప్పినట్టవుతుంది.

మొదటి వాక్యం ఆవిడ రాసిన దానిలోంచి ఒక కచ్చితమైన మాట పట్టుకుని, దాన్ని మీ గోడ దగ్గరికి తేవాలి. రెండో వాక్యం మీరెవరో చెప్పాలి, ఆ ప్రశ్న అడగడానికి ఎంత అవసరమో అంతే. మూడోది ప్రశ్న. కలిపి రాస్తే ఇలా ఉంటుంది:

...... గారికి నమస్కారం. పాత సున్నపు గోడ మీద సిమెంట్ పూస్తే తేమ బయటికి పోలేక గోడలోనే నిలిచిపోతుందని మీ వ్యాసంలో రాశారు. పాతబస్తీలో మేం మరమ్మతు చేస్తున్న ఇంట్లో అదే కనబడుతోంది. ఆ పని చూస్తున్న ఆర్కిటెక్ట్‌ని నేను, రెండేళ్ల అనుభవం. కింది నుంచి మూడడుగుల ఎత్తు వరకు సిమెంట్ చెక్కించాం. కొత్త సున్నపు పూత వేసే ముందు గోడ తగినంత ఆరిందని మీరు దేన్ని చూసి తేల్చుకుంటారు?

కాస్త దగ్గరగా చూడండి. ‘మీ వ్యాసం చాలా బాగుంది’ అన్న మాట ఎక్కడా లేదు, అయినా మీరు వ్యాసాన్ని శ్రద్ధగా చదివారని ఆవిడకు ఇట్టే తెలుస్తుంది. చదివిన దాన్ని గోడ మీద పోల్చి చూసుకున్నారు కదా, రాసినవారికి అంతకు మించిన గౌరవం ఏముంటుంది? ‘రెండేళ్ల అనుభవం’ అని దాచకుండా చెప్పడం వల్ల జవాబు ఏ స్థాయిలో చెప్పాలో ఆవిడకు తెలుస్తుంది. ‘మూడడుగులు’ అన్న చిన్న లెక్క మీరు గోడ పక్కన నిలబడి మాట్లాడుతున్నారని చెబుతుంది. ఆ లెక్క మీ సైట్‌లో నిజంగా ఎంతో అంతే రాయండి, ఇక్కడిది నమూనా మాత్రమే. చివర ‘ఎన్నాళ్లు ఆరనివ్వాలి’ అనలేదు, ‘దేన్ని చూసి తేల్చుకుంటారు’ అన్నాం. ఎన్నాళ్లన్నది గోడ మందం, నేల తేమ, కాలం బట్టి మారుతుంది, చూడకుండా చెప్పమంటే ఆవిడ ఇరుకున పడతారు. ఆవిడ పద్ధతి అడిగితే నిశ్చింతగా చెప్పగలరు.

ఇందులో ఒక ప్రమాదముంది. వ్యాసంలోని మాటను తప్పుగా పట్టుకుంటే పొగడ్తకన్నా ఎక్కువ చేటు చేస్తుంది. ఆవిడ ‘కొన్ని గోడల్లో’ అంటే మీరు ‘అన్ని గోడల్లో’ అని రాయకూడదు. వ్యాసం పక్కన పెట్టుకుని ఆ పేరా మరోసారి చదివి అప్పుడు రాయండి. అలాగే ఆవిడ చేసిన పనుల పేర్లు ఎత్తేటప్పుడు జాగ్రత్త. పాత కట్టడాల పనులు పెద్ద బృందాలు చేస్తాయి, అందులో ఇంజనీర్లు, తాపీ మేస్త్రీలు, సంస్థలు ఉంటాయి. కుతుబ్‌షాహీ సమాధుల పనో, బన్సీలాల్‌పేట మెట్లబావి పనో ‘మీరు చేశారు’ అని ఊహించి రాస్తే, అందులో ఆవిడ లేకపోయినా, పదిమందిలో ఒకరైనా, మొదటి వాక్యమే దిద్దాల్సిన వాక్యం అవుతుంది.

డబ్బు సంగతి మీరు అడగలేదు గాని, మీ విషయంలో అది ముఖ్యం. ఇది క్లయింట్ డబ్బిచ్చే పని. ఆవిడకు సలహా ఇవ్వడమే బతుకుతెరువు. ఉచితంగా కన్సల్టేషన్ లాగుతున్నారన్న అనుమానం రాకుండా ప్రశ్న కిందనే ఒక వాక్యం రాయండి: ‘సైట్ చూసి చెప్పాల్సిన విషయమైతే అలాగే చెప్పండి, మీ ఫీజు వివరాలు మా ఆఫీసులో మాట్లాడతాను.’ ఈ వాక్యం రాసే ముందు మీ ఆఫీసులో పెద్దవారికి నిజంగానే ఒక మాట చెప్పి ఒప్పించుకోండి. ఇంటివారి పేరు, ఇంటి నంబరు మెయిల్‌లో వద్దు, ‘పాతబస్తీ’ చాలు. ఫోటోలు కూడా ఇప్పుడే జోడించకండి. తెలియని మనిషి నుంచి అటాచ్‌మెంట్ వస్తే తెరవడానికి ఎవరైనా జంకుతారు. ‘కావాలంటే ఫోటోలు పంపుతాను’ అనండి.

పంపే ముందు పై వరసనూ చూసుకోవాలి, అదే మీ పేరు. కాలేజీ రోజుల్లో తెరిచిన అకౌంట్‌లో ముద్దుపేరో, ఉత్త ఇనిషియల్సో, ఒక్క ఇంటిపేరో ఉండిపోయి ఉంటుంది. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, గేర్ గుర్తు నొక్కి `See all settings`, అందులో `Accounts and Import`, అక్కడ `Send mail as` ఎదురుగా `edit info` నొక్కితే పేరు మార్చుకోవచ్చు. మనుషులు మిమ్మల్ని పిలిచే పేరు, ఇంటిపేరు రెండూ ఉండనివ్వండి.

తర్వాత మెయిల్‌ను ముందు మీకే పంపుకోండి. ఫోన్‌లో తెరవకుండా ఇన్‌బాక్స్‌లో మాత్రమే చూడండి. ఆ మూడు వరసలు చదివితే ఎవరు, దేని గురించి, ఎందుకు ఆవిడకే రాస్తున్నారు అన్నది తెలుస్తోందా? మెహిదీపట్నంలో బస్సు కోసం నిలబడ్డ మీ స్నేహితుడికి చూపించి, ‘ఇది దేని గురించి’ అని అడగండి. ‘ఏదో గోడ గురించి’ అన్నాడంటే సరే. ‘ఎవరో ఏదో సాయం అడుగుతున్నారు’ అంటే మళ్లీ దిద్దాలి. సరిపోయాక ఆ మెయిల్‌ను ఆవిడకు ఫార్వర్డ్ మాత్రం చేయకండి. అలా చేస్తే సబ్జెక్ట్ ముందు `Fwd:` వచ్చి, మీరింత కష్టపడి రాసిన మొదటి వాక్యం ఉండాల్సిన చోట ఫార్వర్డ్ చేసిన గుర్తు కనబడుతుంది. కొత్త మెయిల్ తెరిచి అందులో అతికించండి. అతికించేటప్పుడు `Ctrl+Shift+V` వాడితే పాత ఫాంటు, రంగు రాకుండా ఉత్త అక్షరాలే వస్తాయి. సగం వాక్యం ఒక సైజులో, పేరు ఇంకో సైజులో ఉంటే, పదిమందికి పంపిన మెయిల్‌లో పేరు మార్చారని ఎవరైనా పసిగడతారు. ఆవిడ అడ్రస్ అన్నిటికన్నా చివర పెట్టండి, సగంలో పొరపాటున పంపేసే బెడద ఉండదు.

పది రోజులైనా జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయొచ్చు. కొత్త మెయిల్ కాకుండా, మీరు పంపినదానికే జవాబుగా, సబ్జెక్ట్ ముట్టుకోకుండా రాయండి, అప్పుడు పాతది కిందే ఉంటుంది. ఈసారి ఇన్‌బాక్స్‌లో కనబడేది ఈ కొత్త వాక్యమే కాబట్టి ‘నా కింది మెయిల్ చూశారా’ అని రాస్తే మళ్లీ ఏమీ చెప్పనట్టే. ‘గోడ చెక్కించి ఇరవై రోజులైంది, ముట్టుకుంటే పైన పొడిగానే ఉంది, పూత మొదలుపెట్టే ముందు ఇంకేమైనా చూసుకోవాలా?’ అని రాయండి. పని ముందుకు కదిలిందని ఆవిడకు తెలుస్తుంది, జవాబూ ఇంకా తేలికవుతుంది. మూడోసారి వద్దు. అదే ప్రశ్న మరొకరిని అడగాలనుకుంటే సబ్జెక్ట్ అలాగే ఉంచుకోవచ్చు గాని, మొదటి వాక్యం మాత్రం కొత్తవారు రాసిందో చేసిందో చదివి మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి.